ఏ ప్రశ్న ఎవరికి?

రెండు ప్రశ్నలు చూడండి. మొదటిది: "ఉత్పలమాలలో యతి ఎన్నో అక్షరానికి పడుతుంది?" రెండోది: "నేను రాసిన ఈ ఉత్పలమాల పాదంలో గణాలు, యతి సరిపోయాయా?"

మొదటిదానికి జవాబు పదో అక్షరం. ఛందస్సు గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ఆ సంగతి ఉంటుంది కాబట్టి, తెలుగు కాస్తోకూస్తో చదివిన చిన్న భాషా మోడల్ కూడా చెప్పగలదు. రెండోదానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. పాదంలోని ఇరవై అక్షరాల్లో ఏది గురువో ఏది లఘువో తేల్చాలి, భ ర న భ భ ర వ వరసలో గణాలు పడ్డాయో లేదో చూడాలి, ఆపైన మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి కుదిరిందో లేదో పరీక్షించాలి. పైగా మోడల్ మనలా అక్షరాలను చూడదు. మనం టైపు చేసింది టోకెన్లనే తునకలుగా విడిపోయి దానికి చేరుతుంది, ఆ తునకలు మన అక్షరాలతో సరిగ్గా కలవవు. అందువల్ల ఇక్కడ చిన్న మోడల్ ఏ తడబాటూ లేకుండా తప్పు చెప్పే అవకాశం ఎక్కువ. పెద్ద మోడల్‌కి కూడా ఇది తేలిక పని కాదు.

ఈ రెండు ప్రశ్నల్లో మాటలు దాదాపు ఒకటే, పొడవూ అంతే, విషయమూ అదే. కానీ ఒకదాన్ని చిన్న మోడల్‌కి నిశ్చింతగా వదిలేయవచ్చు, రెండోదాన్ని వదలకూడదు. జవాబు రాకముందే ఆ తేడా పసిగట్టే ప్రోగ్రామును రౌటర్ అంటారు. అది ఎలా పసిగడుతుంది, ఎక్కడ బోల్తా పడుతుంది అన్నదే ఈ అధ్యాయం.

అసలు రెండు మోడళ్లు ఎందుకు పెట్టుకోవాలి? ఖర్చు కోసం. మామూలు మోడల్ ఒక్కో టోకెన్ రాయడానికి తనలోని ప్రతి పారామీటరుకూ సుమారు రెండు లెక్కలు చేస్తుంది. లామా 3 మోడల్ 800 కోట్ల పారామీటర్లతోనూ, 7,000 కోట్ల పారామీటర్లతోనూ వచ్చింది. చిన్నది ఒక టోకెన్‌కి 1,600 కోట్ల లెక్కలు చేస్తే, పెద్దది 14,000 కోట్ల లెక్కలు చేస్తుంది. "థాంక్స్, అర్థమైంది" అన్న మాటకు బదులివ్వడానికి కూడా అంతే. మోడల్ ప్రశ్న తేలిగ్గా ఉందని తక్కువ పారామీటర్లతో సరిపెట్టుకోదు. ఆ పొదుపు బయటి నుంచి మనం ఏర్పాటు చేయాల్సిందే.

ఏర్పాటు రెండు రకాలుగా చేయవచ్చు. ఊళ్లో జ్వరం వచ్చిన మనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తాడనుకోండి. చీటీ రాసే కౌంటరు దగ్గరే మనిషి వాలకం చూసి "మీరు జిల్లా ఆసుపత్రికి వెళ్లండి" అని పంపేయడం ఒక పద్ధతి. డాక్టరు ముందు తానే చూసి, మందు రాసి, తన చేతిలో లేదనిపించినప్పుడు మాత్రమే పైకి రాయడం ఇంకో పద్ధతి. మొదటిది రౌటింగ్: ప్రశ్నను చూసి మాత్రమే నిర్ణయం. రెండోది అంచెల పద్ధతి: ముందు చిన్న మోడల్ చేత జవాబు చెప్పించి, ఆ జవాబును చూసి నిర్ణయం. రెండోదానిలో చేతిలో ఎక్కువ సమాచారం ఉంటుంది, కానీ పైకి పంపిన ప్రతి ప్రశ్నకూ రెండు ఖర్చులు, రెండు నిరీక్షణలు.

అంచెల పద్ధతి భాషా మోడళ్ల కంటే పాతది. 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫొటోలో ముఖాలను వెతికే విధానం ఒకటి ప్రకటించారు. ఫొటోను వేల చిన్న చతురస్రాలుగా చూస్తూ, ప్రతి చతురస్రంలో ముఖం ఉందా అని అడగాలి. వాళ్లు 38 అంచెలు పెట్టారు. అన్ని అంచెల్లోనూ కలిపి ఆరు వేలకు పైగా పరీక్షలు ఉన్నా, మొదటి అంచెలో ఉన్నవి ఒకటి రెండే. ఆ తొలి పరీక్షలతోనే ముఖం లేని చతురస్రాలు ఎన్నో తొలగిపోయేవి. మొత్తం మీద ఒక చతురస్రానికి సగటున పది పరీక్షలు సరిపోయాయి. అందుకే అప్పటి మామూలు పెంటియం కంప్యూటరు మీద కూడా అది వీడియో వేగంతో నడిచింది.

అక్కడ అంత బాగా కుదరడానికి ఒక కారణం ఉంది. గోడ ముక్కలో ముఖం లేదని ఒకటి రెండు పరీక్షలతో గట్టిగా చెప్పేయవచ్చు. భాషా మోడల్ రాసిన జవాబు తప్పో ఒప్పో అంత చవగ్గా చెప్పలేం, తప్పు జవాబు కూడా చక్కటి వాక్యాల్లోనే వస్తుంది. కాబట్టి ఇక్కడ అంచెల పద్ధతి మంచిచెడ్డలన్నీ ఆ జవాబును అంచనా వేసే న్యాయనిర్ణేత మీదే ఆధారపడి ఉన్నాయి. "నీకు నమ్మకం ఉందా?" అని చిన్న మోడల్‌నే అడగడం అందరికీ తోచే ఉపాయం. కానీ చెప్పలేని మోడల్ తాను చెప్పలేనని కూడా తెలుసుకోలేకపోవడం మామూలే. దానికంటే మెరుగైనది, అదే ప్రశ్నను చిన్న మోడల్‌ని నాలుగైదు సార్లు అడిగి జవాబులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూడడం. లెక్కల ప్రశ్నలకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే తప్పులు రకరకాలుగా వస్తాయి, ఒప్పు ఒక్కటే.

2023లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లింగ్‌జియావ్ చెన్, మాతేయ్ జహారియా, జేమ్స్ జౌ మరో దారి పట్టారు. వాళ్ల విధానం పేరు ఫ్రూగల్‌జీపీటీ. ప్రశ్ననూ జవాబునూ కలిపి చదివి, జవాబు సరైనదయ్యే అవకాశం ఎంతో సున్నా నుంచి ఒకటి మధ్య మార్కు వేసేలా వాళ్లు ఒక బుల్లి మోడల్‌కి విడిగా శిక్షణ ఇచ్చారు. మార్కు కటాఫ్ దాటితే ఆ జవాబే ఖాయం, దాటకపోతే ప్రశ్న పై అంచెకు పోతుంది. వాళ్లు పరీక్షించిన పనుల్లో ఒకటి, బంగారం గురించిన వార్తా శీర్షిక చదివి ధర పెరిగిందా తగ్గిందా చెప్పడం. ఆ పనిలో, అప్పటి మేటి మోడల్ జీపీటీ-4 ఒక్కటే చేస్తే వచ్చే కచ్చితత్వాన్ని 98 శాతం తక్కువ ఖర్చుతో అందుకున్నారు. ఈ అంకె చాలా చోట్ల ప్రచారమైంది. అయితే అది ఒకే రకం ప్రశ్న, నాలుగు రకాల జవాబులున్న ఇరుకైన పని. అలాంటి చోట తప్పొప్పులు చూసే న్యాయనిర్ణేతకు శిక్షణ ఇవ్వడం తేలిక. ఎవరు ఏది అడుగుతారో తెలియని చోట అంత పొదుపు ఆశించకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రౌటర్ కష్టమైన ప్రశ్నలను గుర్తించాలని అందరూ అంటారు. నా దృష్టిలో అక్కడే పొరపాటు మొదలవుతుంది. రౌటర్ గుర్తించాల్సింది కష్టాన్ని కాదు, తేడాను. చిన్న మోడల్ తప్పు చెప్పి పెద్దది ఒప్పు చెప్పే ప్రశ్నలనే అది పట్టుకోవాలి.

ఒక ఊహాలెక్క వేద్దాం. రోజుకు వెయ్యి ప్రశ్నలు వచ్చే సేవ ఒకటి ఉంది. చిన్న మోడల్ జవాబుకు 10 పైసలు, పెద్దదాని జవాబుకు 2 రూపాయలు. వెయ్యి ప్రశ్నలనూ రెండు మోడళ్లకూ ఇచ్చి, మనుషుల చేత దిద్దించాం. 700 ప్రశ్నలకు రెండూ సరిగ్గా చెప్పాయి. 150 ప్రశ్నలకు పెద్దదే సరిగ్గా చెప్పింది. 120 ప్రశ్నలకు రెండూ తప్పే చెప్పాయి. మిగిలిన 30 ప్రశ్నలకు విచిత్రంగా చిన్నదే సరిగ్గా చెప్పింది, పెద్దది ఎక్కువ ఆలోచించి దారి తప్పింది. అంటే చిన్నది ఒక్కటే అయితే 100 రూపాయల ఖర్చుతో 730 ఒప్పులు. పెద్దది ఒక్కటే అయితే 2,000 రూపాయలతో 850 ఒప్పులు.

అన్నీ తెలిసిన రౌటర్ ఒకటి ఉందనుకుందాం. అది ఆ 150 ప్రశ్నలను మాత్రమే పెద్దదానికి పంపుతుంది. ఖర్చు 385 రూపాయలు, ఒప్పులు 880. పెద్దది ఒక్కటే చేసినదానికంటే 30 ఎక్కువ! చిన్నది మాత్రమే సరిగ్గా చెప్పగల ఆ 30 దాని దగ్గరే ఉండిపోయాయి కాబట్టి. ఇప్పుడు కష్టాన్ని మాత్రమే గుర్తించే రౌటర్‌ను తీసుకోండి. అది చిన్నదానికి కొరుకుడుపడని 270 ప్రశ్నలనూ పైకి పంపుతుంది. ఒప్పులు అవే 880, ఖర్చు మాత్రం 613 రూపాయలు. ఎక్కువైన 228 రూపాయలూ ఎవరూ చెప్పలేని 120 ప్రశ్నల మీద పోయాయి. అవి చూడ్డానికి అన్నిటికంటే కష్టంగా ఉంటాయి, అందుకే ఇలాంటి రౌటర్‌ను ముందుగా ఆకర్షించేవి అవే. అక్కడ పెద్ద మోడల్ చేసేదల్లా ఎక్కువ ఖర్చుతో తప్పు చెప్పడం.

నిజం రౌటర్ ఈ రెండింటిలో దేనిలాగానూ ఉండదు. అది 250 పంపిందనుకోండి. అందులో 110 నిజంగా పంపాల్సినవి, 8 చిన్నదాని దగ్గరే ఉంచాల్సినవి, మిగతావి ఎటు పోయినా ఒకటే. ఖర్చు 575, ఒప్పులు 832. చిన్నదానికీ పెద్దదానికీ మధ్య ఉన్న 120 ఒప్పుల తేడాలో 102 రాబట్టాం, అంటే 85 శాతం. రౌటర్‌ను కొలిచే సరైన కొలమానం ఇదే: ఎంత శాతం ప్రశ్నలు పైకి పంపి, తేడాలో ఎంత శాతం రాబట్టింది. దీనికి పక్కనే ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. నాణెం ఎగరేసినట్టు ఏవో 250 ప్రశ్నలను పంపినా తేడాలో పావు వంతు ఊరికే వస్తుంది. రౌటర్ ప్రతిభ ఆ పావు వంతుకు పైన వచ్చిందాన్నిబట్టే తేలుతుంది.

ఈ కొలమానంతో 2024లో పెద్ద ప్రయోగం ఒకటి జరిగింది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు కలిసి రౌట్‌ఎల్‌ఎల్‌ఎమ్ అనే పనిముట్టును తయారుచేసి, అందరికీ ఉచితంగా ఇచ్చారు. శిక్షణ కోసం వాళ్లు చాట్‌బాట్ అరీనా ఓట్లను వాడుకున్నారు. ఆ అరీనాలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. పేర్లు తెలియని రెండు మోడళ్ల జవాబులు పక్కపక్కన కనిపిస్తాయి, నచ్చినదానికి ఓటు వేయాలి. ఓటు చెప్పేది ప్రశ్న ఎంత కష్టమని కాదు, ఆ ప్రశ్న దగ్గర ఒక మోడల్ ఇంకోదాని కంటే మెరుగా కాదా అని. మనకు కావలసిన తేడా అదే కదా. అయితే ఫలానా రెండు మోడళ్లు ఎదురెదురుగా తలపడిన సందర్భాలు చాలా తక్కువ. అందుకని మోడళ్లను వాటి ర్యాంకును బట్టి శ్రేణులుగా కలిపి, పై శ్రేణికీ కింది శ్రేణికీ మధ్య పోటీగా ఓట్లను లెక్కించారు.

పెద్ద మోడల్‌గా జీపీటీ-4, చిన్నదిగా మిక్స్‌ట్రాల్ 8×7బి పెట్టారు. ఎంటీ బెంచ్ అనే సంభాషణల పరీక్షలో, 26 శాతం ప్రశ్నలు మాత్రమే పైకి పంపి జీపీటీ-4 పనితనంలో 95 శాతం అందుకున్నారు. ఇంకో మోడల్ చేత దిద్దించిన జవాబులను శిక్షణలో కలిపాక 14 శాతం పంపితేనే సరిపోయింది.

అదే రౌటర్‌ను ఎంఎంఎల్‌యూ పరీక్షకు తీసుకెళ్తే కథ మారిపోయింది. అది వైద్యం, న్యాయం, భౌతికశాస్త్రం వంటి 57 విషయాల్లో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్ష. అక్కడ ఓట్లతో మాత్రమే శిక్షణ పొందిన రౌటర్లు నాణెం ఎగరేసినదానికంటే పెద్దగా మెరుగ్గా లేవు. కారణం తెలుసుకోదగ్గది. అరీనాలో జనం అడిగేవి కబుర్లు, ఉత్తరాలు, కోడ్. ఎంఎంఎల్‌యూ తరహా ప్రశ్నలు అందులో బహు తక్కువ. రౌటర్ కూడా ఒక మోడలే, తాను చూడని తరహా ప్రశ్నల ముందు దానిదీ గుడ్డి అంచనాయే. ఆ తర్వాత పరిశోధకులు సరైన జవాబులు తెలిసిన ఎంఎంఎల్‌యూ ప్రశ్నలను సుమారు 1,500 మాత్రమే కలిపి మళ్లీ శిక్షణ ఇచ్చారు. మొత్తం శిక్షణ సమాచారంలో అది రెండు శాతం కూడా కాదు. రౌటర్లు గణనీయంగా మెరుగయ్యాయి. అయినా పరీక్షను బట్టి పొదుపు మారుతూనే ఉంది: ఎంటీ బెంచ్‌లో 85 శాతానికి పైగా, ఎంఎంఎల్‌యూలో 45, చిన్న పిల్లల లెక్కల పరీక్ష జీఎస్‌ఎం8కేలో 35. ఇన్ని శాతాలు ఆదా చేస్తామని ఎవరైనా ఒకే అంకె చెబితే, ఏ ప్రశ్నల మీద అని అడగండి.

ఆ పనిముట్టులో ఒక చిన్న వివరం నాకు బాగా నచ్చింది. దాన్ని వాడేటప్పుడు మోడల్ పేరు రాసే చోట ఇలా రాయాలి:

```
router-mf-0.11593
```

చివరి అంకె కటాఫ్. ప్రతి ప్రశ్నకూ రౌటర్ ఒక మార్కు వేస్తుంది, ఆ మార్కు 0.11593 దాటితే ప్రశ్న పెద్ద మోడల్‌కి పోతుంది. సగం సగం పంచాలంటే కటాఫ్ 0.5 ఉండాలని అనిపిస్తుంది కదా. కానీ అరీనా ప్రశ్నల్లో సరిగ్గా సగం పైకి పోవాలంటే పెట్టాల్సిన కటాఫ్ 0.11593 అని లెక్క వేశాక తేలింది. ఆ మార్కుకు తనంతట తనకు అర్థం లేదు. ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల మార్కులన్నీ వరసగా పేర్చి, ఎక్కడ గీత గీస్తే మనకు కావలసినన్ని పైకి పోతాయో చూసుకోవాలి. ఎంట్రన్స్ పరీక్షల కటాఫ్ ఏటేటా మారినట్టు, వచ్చే ప్రశ్నల తీరు మారితే ఇదీ మారుతుంది. పరీక్షల సీజన్‌లో పిల్లలు లెక్కల ప్రశ్నలతో ఎగబడితే, నిన్నటి కటాఫ్ నేడు బిల్లును రెట్టింపు చేయవచ్చు.

బిల్లు పెరిగితే వెంటనే తెలుస్తుంది. తెలియనిది ఇంకో వైపు తప్పు: పైకి పోవాల్సిన ప్రశ్న చిన్నదాని దగ్గరే ఆగిపోవడం. జవాబు వచ్చింది, వేగంగా వచ్చింది, భాష బాగుంది. అడిగినవాడికి అది తప్పని తెలిస్తే అసలు అడిగేవాడే కాదు. ఫిర్యాదుల లెక్క చూసి రౌటర్ బాగుందనుకుంటే మోసపోతాం. దీనికి ఉన్న నికరమైన ఉపాయం ఒకటే. చిన్నదాని దగ్గర ఆగిన ప్రశ్నల్లోంచి నూటికి ఒకటో రెండో చీటీ తీసినట్టు ఎంచి, వాటిని పెద్దదానికి కూడా ఇచ్చి, రెండు జవాబులనూ మనిషి చేత పోల్చి చూడడం. ప్రతి వారం ఆ తేడా ఎంతుందో రాసి పెట్టుకుంటే రౌటర్ ఎప్పుడు గాడి తప్పిందో కనబడుతుంది.

సంభాషణ మధ్యలో ఇంకో చిక్కు వస్తుంది. మన ఛందస్సు మనిషి పెద్ద మోడల్ చేత పాదం చూపించుకుని, "అయితే రెండో పాదం?" అని అడిగాడు. మూడు మాటలు. ఆఖరి వాక్యాన్ని మాత్రమే చూసే రౌటర్ దాన్ని తేలికైనదనుకుని చిన్నదానికి పంపేస్తుంది. పోనీ సంభాషణ అంతా చూసి నిర్ణయిస్తే బాగానే ఉంటుంది, కానీ మోడల్ మారిన ప్రతిసారీ కొత్త మోడల్ వెనకటి మాటలన్నీ మొదటి నుంచి చదువుకోవాలి. పాత మోడల్ అప్పటికే చదివి దాచుకున్న లెక్కలు దీనికి పనికిరావు. సంభాషణ పొడవయ్యేకొద్దీ ఈ అటూఇటూ తిరుగుడు పొదుపును మింగేస్తుంది. అందుకే సంభాషణ మధ్యలో ఒకసారి పైకి పోయిన మనిషిని మళ్లీ కిందికి దించకపోవడమే చాలా చోట్ల మంచి నియమం.

రౌటర్ చెడిపోతే ఎలా ఉంటుందో 2025 ఆగస్టులో ప్రపంచమంతా చూసింది. ఆగస్టు 7న ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-5ను విడుదల చేసింది. చాట్‌జీపీటీలో ఏ ప్రశ్నకు వేగంగా బదులిచ్చే మోడల్, దేనికి నిదానంగా ఆలోచించే మోడల్ అన్నది రౌటరే నిర్ణయించే ఏర్పాటు అది. కొత్తది పాతదానికంటే మొద్దుగా ఉందని చాలామంది విసుక్కున్నారు. మరునాడు సంస్థ అధిపతి శామ్ ఆల్ట్‌మన్, ఆ మార్పిడి యంత్రాంగం రోజులో కొంతసేపు పనిచేయలేదని, అందుకే జీపీటీ-5 అసలుకంటే చాలా తెలివితక్కువగా కనిపించిందని చెప్పాడు. ఆ కొంతసేపట్లో లోపలి మోడళ్లు మారలేదు, ప్రశ్నలు మారలేదు. మధ్యలో దారి చూపేది ఆగింది, అంతే.

తెలుగులో ఇలాంటి సేవలు కట్టేవారికి ఇందులో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఒకటుంది. రౌటర్లకు శిక్షణ ఇచ్చిన ప్రశ్నల్లో అధికభాగం ఇంగ్లిష్. మోడళ్లు చదివిన పాఠంలోనూ తెలుగు తక్కువే, ఆ కొద్దిపాటితో చిన్న మోడల్ నేర్చుకోగలిగేది ఇంకా తక్కువ, కాబట్టి భాష మారితే పెద్ద మోడల్ కంటే చిన్నదే ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంది. ఇంగ్లిష్‌లో రెండూ సరిగ్గా చెప్పే ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి పెద్దది మాత్రమే చెప్పగలిగేది అయిపోవచ్చు. ఇంగ్లిష్ ప్రశ్నల మీద గీసిన కటాఫ్‌ను తెలుగుకు అలాగే వాడితే, పొదుపు లెక్కల్లో కనబడుతుంది, నష్టం తెలుగువాళ్లు అడిగిన ప్రశ్నల్లో కనబడకుండా ఉండిపోతుంది.

అందుకే ఈ పని చేసేవారికి నా విన్నపం ఇది. రౌటర్‌ను ఎంచుకునే ముందు, మీ సేవలో నిజంగా మనుషులు అడిగిన తెలుగు ప్రశ్నలు కొన్ని వందలు తీసుకోండి. రెండు మోడళ్ల చేతా జవాబులు చెప్పించండి, తెలుగు వచ్చిన మనుషుల చేత దిద్దించండి, పెద్దది మాత్రమే సరిగ్గా చెప్పినవి ఎన్నో లెక్కపెట్టండి. అవి మరీ తక్కువైతే మీకు రౌటర్ అక్కర్లేదు, చిన్న మోడల్ చాలు. మరీ ఎక్కువైతే పెద్దదే పెట్టుకోండి. మధ్యలో ఉంటే ఆ దిద్దిన ప్రశ్నలతోనే రౌటర్‌కు శిక్షణ ఇవ్వండి, కటాఫ్ తెలుగుకు విడిగా గీయండి. ఎంఎంఎల్‌యూ దగ్గర తేడా తెచ్చినవి 1,500 ప్రశ్నలే. అన్ని ప్రశ్నలు దిద్దడం నలుగురు కూర్చుంటే అయ్యే పని.